ఏడు రోజుల వర్షపాతం లెక్కలో సెప్టెంబరు చివరి వారం రావడం లేదు, లూప్ సరిగానే ఉంది

నైరుతి

నమస్కారం. ఒక మండలానికి సంబంధించిన రోజువారీ వర్షపాతం ఫైలు నా దగ్గర ఉంది. జూన్ 1 నుండి సెప్టెంబరు 30 వరకు ఉన్న కాలంలో, వరుసగా ఏ ఏడు రోజుల్లో అత్యధికంగా వాన పడిందో కనుక్కోవాలి. ఈ ఫైలులో సెప్టెంబరు 24 నుండి 30 వరకు పడిన వానే అన్నింటికన్నా ఎక్కువని చూడగానే తెలుస్తుంది, క్యాలిక్యులేటరుతో కూడినా అదే తేలుతుంది. నా పైథాన్ ప్రోగ్రాము మాత్రం సెప్టెంబరు 22తో మొదలయ్యే వారాన్ని చూపిస్తోంది. లూప్‌లో ఒక 1 కలిపితే 23 అని చూపింది. ఇంకొక 1 కూడా కలపవచ్చు గానీ, ఎందుకు కలుపుతున్నానో తెలియకుండా కలపడం ఇష్టం లేక ఆపేశాను. సాయంత్రం నుండి దీనితోనే కూర్చున్నాను. లూప్ సరిగానే ఉంది, ఎన్నిసార్లు చదివినా తప్పు కనబడలేదు. `max` పనిచేసే తీరులోనే ఏదైనా తిరకాసు ఉందా?

రెండుముక్కలు

కోడ్ పెట్టండి.

వానమాపకం

కోడ్ చూడకముందే ఒక ప్రశ్న అడగాలి. మీ ఫైలులో తేదీ అంటే ఏ రోజు? భారత వాతావరణ శాఖ లెక్కలో వర్షపు రోజు అర్ధరాత్రి మొదలుకాదు. ఉదయం 8:30కు వానమాపకంలోని నీటిని కొలిచి, అంతకు ముందు 24 గంటల వానను ఆ ఉదయం తేదీ కింద రాస్తారు. కాబట్టి జూన్ 1 అని రాసి ఉన్న అంకెలో ఎక్కువ భాగం మే 31 పగలూ రాత్రీ కురిసినదే అవుతుంది. పత్రికలలో వచ్చే "నిన్నటి వాన"ను ఈ అంకెలతో పోల్చి ఒక రోజు తేడా వచ్చిందని కంగారుపడేవారు చాలామంది ఉన్నారు. మీకు వచ్చిన తేడా కూడా ఇదే అయి ఉంటుందని నా అనుమానం.

నైరుతి

వానమాపకం గారూ, నేను చేత్తో కూడిందీ ప్రోగ్రాము కూడిందీ ఒకే ఫైలులోని అంకెలను. తేదీకి అర్థం ఏదైనా రెండింటికీ ఒకటే అర్థం కదా. కోడ్ ఇదిగో. `rain` అనేది ఫైలు నుండి చదివిన అంకెల జాబితా.

```
n = (end - start).days
best = max(range(n - 7),
           key=lambda i: sum(rain[i:i+7]))
print(start + timedelta(days=best))
```

సులభమార్గం

ఇంత ఆలోచన అక్కరలేదండీ. `range(n - 7)` తీసివేసి `range(len(rain))` పెట్టండి. పైథాన్‌లో స్లైస్ జాబితా చివర దాటిపోయినా ఎర్రర్ రాదు, ఉన్నంత మేరకు ఇచ్చి ఊరుకుంటుంది. అందువల్ల చివరి వారం తప్పిపోయే అవకాశమే ఉండదు. నేను ఎప్పుడూ ఇలాగే రాస్తాను, ఇంతవరకు ఇబ్బంది రాలేదు.

నైరుతి

వచ్చింది! సెప్టెంబరు 24 అనే చూపిస్తోంది. ధన్యవాదాలు సులభమార్గం గారూ.

కొలబద్ద

నైరుతి గారూ, జవాబు సరైనదే వచ్చింది, కానీ అది సరిగ్గా రావడానికి కారణం కోడ్ కాదు. ఇప్పుడు మీ లూప్ 122 వారాలను చూస్తోంది. వాటిలో చివరి ఆరు పూర్తి వారాలు కావు, సెప్టెంబరు 25తో మొదలయ్యేదానిలో ఆరు రోజులే ఉంటాయి, 30తో మొదలయ్యేదానిలో ఒక్క రోజే ఉంటుంది. వర్షపాతం సున్నా కన్నా తక్కువ ఉండదు కాబట్టి ఈ తెగిన వారాలేవీ 24 నుండి 30 వరకు ఉన్న పూర్తి వారాన్ని మించలేవు. అందువల్లే `max` మిమ్మల్ని కాపాడింది. ఇదే కోడ్‌లో `max` బదులు `min` పెట్టి అత్యల్ప వర్షం పడిన వారాన్ని అడగండి. సెప్టెంబరు 29న వాన పడి 30న పడకపోయి ఉంటే, సీజనంతటిలో ఒక్క పూర్తి వారమైనా పొడిగా లేనప్పుడు కూడా, అది "సెప్టెంబరు 30తో మొదలయ్యే వారం, 0 మిల్లీమీటర్లు" అని చెబుతుంది. ఎర్రర్ రాకపోవడం ఇక్కడ సౌకర్యం కాదు, ప్రమాదం.

ఇక మొదటి కోడ్ సంగతి. దానిలో తప్పులు రెండు ఉన్నాయి, రెండూ ఒకే దిశలో ఒక్కొక్క రోజును మింగేస్తున్నాయి. అందుకే ఒక 1 కలిపినప్పుడు మీకు సగం దూరమే వచ్చినట్టు కనిపించింది.

మొదటిది `n`. తేదీలోంచి తేదీని తీసివేస్తే వచ్చేది వాటి మధ్య దూరం, రోజుల సంఖ్య కాదు. జూన్‌లో 30, జూలైలో 31, ఆగస్టులో 31, సెప్టెంబరులో 30, మొత్తం 122 రోజులు. తీసివేత మాత్రం 121 అని ఇస్తుంది, ఎందుకంటే జూన్ 1 నుండి 121 అడుగులు వేస్తే సెప్టెంబరు 30కి చేరతాం, బయలుదేరిన రోజు ఆ అడుగుల్లో ఉండదు. రెండవది `range(n - 7)`. 122 రోజుల్లో చివరి పూర్తి వారం సెప్టెంబరు 24న మొదలవుతుంది, జూన్ 1ని 0 అనుకుంటే దాని ఇండెక్స్ 115. సున్నా నుండి 115 వరకు అంటే 116 వారాలు, `n` 122 అయినప్పుడు అది `n - 7 + 1`. మీ కోడ్‌లో `range(121 - 7)` అంటే `range(114)`, దాని చివరి అంకె 113, అది సెప్టెంబరు 22. మీరు చూసిన తేదీ అదే.

పట్టికలు

నాకూ అచ్చంగా ఇదే జరిగిందండీ, కాకపోతే ఎస్‌క్యూఎల్‌లో. నెలవారీ నివేదికలో `BETWEEN '2024-09-01' AND '2024-09-30'` అని రాస్తే 30వ తేదీ రసీదులు దాదాపు ఏవీ రాలేదు. ఆ గడిలో తేదీతో పాటు సమయం కూడా ఉండటం వల్ల, రెండవ తేదీ 30 అర్ధరాత్రి సున్నా గంటల దగ్గరే ఆగిపోయిందట. మీ ఫైలులో కూడా సమయం దాగి ఉందేమో చూడండి.

రెండుముక్కలు

వారి ఫైలులో సమయం లేదు. మీరు `receipt_time >= '2024-09-01' AND receipt_time < '2024-10-01'` అని రాసుకోండి.

పాత ఫోర్ట్రాన్

ఈ బాధలన్నిటికీ మూలం సున్నా నుండి లెక్కపెట్టడమే. మేము ఫోర్ట్రాన్‌లో 1 నుండి 122 వరకు అని రాసేవాళ్లం, 122వది అంటే 122వదే. మనిషి లెక్కపెట్టే తీరుకు భాష లొంగాలి గానీ, భాష తీరుకు మనిషి లొంగడమేమిటి?

కొలబద్ద

అయ్యా, ఫోర్ట్రాన్‌లో అయినా మీ లూప్ `do i = 1, n-6` అనే ఉండాలి. ఆ 6 దగ్గర 7 రాసేస్తే చివరి వారం అక్కడా పోతుంది. సున్నా పక్షాన కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1982లో రాసిన చిన్న వ్యాసం ఉంది. మొదటి హద్దును కలుపుకొని చివరి హద్దును వదిలేస్తే, రెండు హద్దుల తేడాయే నేరుగా సంఖ్య అవుతుందని ఆయన వాదన. అది నాకు నచ్చుతుంది. అయితే ఆ పద్ధతి పాటించే `range`కు, రెండు తేదీలనూ కలుపుకొని మాట్లాడుకునే వర్షపాతం లెక్కకు మధ్య ఎక్కడో ఒకచోట 1 కలపక తప్పదు. ఎక్కడ కలిపారో కోడ్‌లో ఒకేచోట, కనిపించేలా ఉంటే చాలు.

పాత ఫోర్ట్రాన్

తప్పు జరగవచ్చునని ఒప్పుకుంటాను. తక్కువగా జరుగుతుందని మాత్రం అంటూనే ఉంటాను.

నైరుతి

వాదన బాగుంది గానీ, `min` పెట్టి చూస్తే నిజంగానే సెప్టెంబరు 30 అని వచ్చింది. ఈ నివేదికలో నాకు పొడి వారాలు కూడా కావాలి. ఇటువంటిది ముందే పట్టుకోవడం ఎలా? నాకు సెప్టెంబరు చివరలో పెద్ద వాన పడింది కాబట్టి తెలిసింది, జూలైలో పడి ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు.

కొలబద్ద

అసలు ప్రశ్న ఇదే. 122 రోజుల మీద తప్పును వెతకకండి, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత చిన్న సంఖ్యల మీద వెతకండి. లూప్ హద్దును విడిగా తీసి, సరిగ్గా ఒక వారం, వారానికి ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ ఉన్నప్పుడు ఏమి రావాలో నడపకముందే కాగితం మీద రాసుకోండి. ఏడు రోజులుంటే వారం ఒకటే ఉండాలి. ఎనిమిది ఉంటే రెండు ఉండాలి. ఆరు ఉంటే ఒక్కటి కూడా ఉండకూడదు. తరువాత నడపండి.

```
def starts(n, k):
    return range(n - k + 1)

for n in (7, 8, 6):
    print(n, list(starts(n, 7)))
```

దీనికి `[0]`, `[0, 1]`, `[]` రావాలి. మీ మొదటి హద్దు `n - 7` అయితే ఏడు రోజులకే ఖాళీ జాబితా వచ్చి అక్కడికక్కడే దొరికిపోయేది. సులభమార్గం గారి పద్ధతి అయితే ఆరు రోజులకు కూడా ఆరు వారాలు చూపించి దొరికేది. జవాబు ముందు రాసుకోవడం ముఖ్యం, ఎందుకంటే తెర మీద ఏది కనిపించినా దానికి ఒక సమర్థన మనకు వెంటనే తోస్తుంది.

అసలు ఫైలు మీద నడిపేటప్పుడు మొదటి వారం ఏ తేదీ నుండి ఏ తేదీకి, చివరి వారం ఏ తేదీ నుండి ఏ తేదీకి, మొత్తం ఎన్ని అన్నది ప్రతిసారీ ముద్రించండి. సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు, ముందు ఒకటి తప్పి వెనుక ఒకటి ఎక్కువైతే సంఖ్య సరిగానే ఉంటుంది. `n`ను తేదీల నుండి కాకుండా `len(rain)` నుండి తీసుకోండి, కానీ తేదీల లెక్కతో అది సరిపోతోందో లేదో ఈ వరుసతో అడగండి:

```
assert len(rain) == (end - start).days + 1
```

ఈ చిట్కా హద్దుల తప్పులనే పట్టుకుంటుంది. ఫైలులో ఒక రోజు రెండుసార్లు వచ్చి ఇంకొక రోజు లేకపోతే దీనికి తెలియదు.

సులభమార్గం

నా పద్ధతిలో కూడా `if len(rain[i:i+7]) == 7` అని ఒక షరతు పెడితే సరిపోతుంది కదా.

కొలబద్ద

సరిపోతుంది. ఆ షరతు పెట్టే సంగతి ప్రతిసారీ గుర్తుంటే.

వానమాపకం

నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. నివేదికలో "సెప్టెంబరు 24 నుండి 30 వరకు" అని రాస్తే చదివేవారు 24 ఉదయం నుండి అనుకుంటారు. ఫైలు 8:30 పద్ధతిలో ఉంటే అది 23 ఉదయం 8:30 నుండి 30 ఉదయం 8:30 వరకు అని కనీసం అడుగున ఒక మాట రాయాలి.

నైరుతి

ఫైలు ఇచ్చినవారిని అడుగుతాను. ఇంతలో పక్క మండలం ఫైలు మీద ఆ `assert` ఆగిపోయింది, దానిలో 121 వరుసలే ఉన్నాయి. చూస్తే ఆగస్టు 15 వరుస లేదు. ఆ తరువాతి అంకెలన్నీ ఒక రోజు ముందటి తేదీ కింద చూపిస్తున్నాయన్నమాట. అక్కడ సున్నా వేసి నడిపించవచ్చా?

రెండుముక్కలు

వద్దు. కొలవకపోవడం వేరు, వాన పడకపోవడం వేరు. ఆ రోజును తాకే ఏడు వారాలను వదిలేయండి.

వానమాపకం

వదిలేయనక్కరలేదు. ఆ రోజు కొలవకపోతే నీరు మాపకంలోనే ఉండి 16న రెండు రోజులది కలిపి రాసి ఉండవచ్చు. అప్పుడు 15నూ 16నూ రెండింటినీ కలుపుకొనే వారాల మొత్తం దాదాపు సరిగానే ఉంటుంది. 16న అంకె ఎంత ఉంది?

నైరుతి

ఆఫీసులో చూసి చెబుతాను. అందరికీ థాంక్స్.