అప్‌డేట్: మెసేజ్‌లలో ఒకే పదం వాడటం గురించి

నా ప్రశ్న: "ఒకే ఛార్జీని ఒకసారి 'విజిట్ ఛార్జీ' అని, ఇంకోసారి 'సర్వీస్ ఫీజు' అని రాస్తున్నాం. కస్టమర్లు రెండనుకుంటున్నారు. ఏం చేయాలి?"

సమస్య తీరింది, అందరికీ థ్యాంక్స్. పనిచేసింది, పదాల షీట్‌లో 'వాడకూడని పదాలు' అనే కాలమ్ పెట్టమన్న సలహా. షీట్‌లో ఒక్కో వరుసకు ఒక్కో అర్థం: ఇంగ్లిష్ పదం, చిన్న వివరణ, ఖరారైన తెలుగు పదం ('విజిట్ ఛార్జీ'), పక్కన వాడకూడనివి. మెసేజ్ పంపేముందు వాడకూడనివాటినే వెతుకుతాం.

ఇక్కడే ఒక చిక్కు. మేం 'స్పేర్ పార్ట్' ఖాయం చేసి, 'విడిభాగం' వాడకూడనివాటిలో పెట్టాం. కానీ 'విడిభాగం' అని వెతికితే 'విడిభాగాన్ని', 'విడిభాగాలు' దొరకలేదు. చివరి సున్నా తీసేసి 'విడిభాగ' అని వెతికితే అన్నీ దొరికాయి.

ట్రాన్స్‌లేషన్ సాఫ్ట్‌వేర్ అవసరమే రాలేదు. షీట్ మార్చే హక్కు మాత్రం ఒక్కరికే ఇచ్చాం.