అర్జెంట్ ఆర్డర్‌లో కొంత ఎయిర్, మిగతాది సీ: బయ్యర్‌కి ఖర్చు ఎలా చెప్పాలి?

అన్నలూ, ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్లు కాస్త హెల్ప్ చేయండి. మాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు, దుబాయ్‌లో ఒక హోటల్ ప్రాజెక్టుకి లైట్ ఫిక్చర్ కవర్లు 60 బాక్సులు పంపాలి, రేటు సీ ఫ్రైట్‌తో కలిపి ఇచ్చేశాం. ఇప్పుడు సైట్‌లో ఫాల్స్ సీలింగ్ ముందే మొదలైందట, మొదటి ఫ్లోర్‌కి 12 బాక్సులు వెంటనే కావాలంటున్నారు. సరే, అవి హైదరాబాద్ నుంచి ఎయిర్‌లో, మిగతా 48 చెన్నై నుంచి ఎల్‌సీఎల్‌లో పంపుదామనుకున్నా.

చిక్కు ఇక్కడే. బాక్సు 60×50×40 సెంటీమీటర్లు, ఆ మూడూ గుణించి 6000తో భాగిస్తే వాల్యూమ్ బరువు 20 కిలోలు, కాటా మీద మాత్రం 14 కిలోలే. ఎయిర్‌లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జి కాబట్టి 168 కాదు, 240 కిలోలకి కట్టాలి. ఫార్వర్డర్ కిలోకి 130 చెప్పాడు, అంటే 31,200. బయ్యర్ మాత్రం ప్యాకింగ్ లిస్టులో బరువు చూసి 21,840 కదా అంటున్నాడు, నేనేదో ఎక్కువ వేస్తున్నానని అనుమానపడుతున్నాడు, నాకు అదే బాధ.

బాక్సుకి టేపు పెట్టి ఫోటో తీసి లెక్కతో పంపితే చాలా? ఆ 12 బాక్సులకి సీలో మిగిలే ఫ్రైట్ తగ్గించి తేడా మాత్రమే అడగాలా? సీ లాట్‌కి ఓడ చేరే తేదీ చెప్పాలా, లేక అక్కడ కంటైనర్ విప్పి క్లియరెన్స్ అయ్యేదాకా కలిపి చెప్పాలా?