మొలల ఆపరేషన్ అయ్యాక తిండి తగ్గించాలా, తినాలా?

ఏలూరు కోడలు: మావారికి మొలలు కోసి తీసేశారు, ఇవాళ మూడో రోజు. ఇంకా మోషన్ కాలేదు. ఆ భయంతో అన్నం మానేసి మజ్జిగతోనే ఉంటున్నారు. ట్రమడాల్ బిళ్ల కూడా నొప్పి భరించలేనప్పుడే వేసుకుంటున్నారు. తిండి ఆపితే పుండు త్వరగా మానుతుందని అత్తయ్య అంటున్నారు. నిజమేనా?

పల్నాటి పెద్దాయన: అత్తయ్యగారి మాట సబబే అమ్మా. పచ్చి పుండు మీదుగా మలం వెళ్తే ఆ మంట పడ్డవాళ్లకే తెలుస్తుంది. వారం పాటు జావ, మజ్జిగ, పెసరకట్టు ఇవ్వండి. కారం, ఆవకాయ, మాంసం వద్దు. నేను పథ్యంతోనే కోలుకున్నాను.

మాదాపూర్ కుర్రాడు: నాకు లేజర్ చేశారు. మర్నాడే బిర్యానీ తిన్నా, ఏమీ కాలేదు. ఊరికే టెన్షన్ పడుతున్నారు.

వార్డు సిస్టర్: లేజర్‌తో దీన్ని పోల్చకండి. కోసి తీసిన చోట చాలాసార్లు కుట్లు వేయకుండా పుండును అలాగే వదిలేస్తారు. అది మానడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వారం కడుపు మాడ్చుకుంటే మానేది కాదు.

తినకపోయినా పేగులో మలం తయారవుతూనే ఉంటుంది. కొంచెమే ఉంటుంది కాబట్టి ముందుకు కదలదు. అక్కడే ఉండేకొద్దీ అందులోని నీటిని పేగు పీల్చేసి గట్టిపడుతుంది. మా వార్డుకు ఇలాగే ఒకాయన వచ్చారు. జావతో రోజులు నెట్టారు. తర్వాత నీళ్లలా కొద్దికొద్దిగా కారుతుంటే విరేచనాలనుకుని ఇంట్లోవాళ్లు సిరప్ కూడా ఆపేశారు. నిజానికి లోపల గట్టి ముద్ద అడ్డుపడి, దాని పక్క నుంచి నీరు కారుతోంది. చివరికి మత్తు ఇచ్చి తీయాల్సి వచ్చింది.

పల్నాటి పెద్దాయన: మరి ఇసబ్గోల్ తాగితే మా తమ్ముడికి కడుపు ఉబ్బి ఇంకా బిగుసుకుపోయిందే? దానికేమంటారు?

వార్డు సిస్టర్: ఎన్ని నీళ్లతో తాగారు? చెంచాడు పొట్టుకు పెద్ద గ్లాసు నీళ్లు పట్టాలి, ఆ తర్వాత కూడా రోజంతా తాగుతూ ఉండాలి. నీళ్లు చాలకపోతే అది లోపల ముద్ద కడుతుంది.

పల్నాటి పెద్దాయన: అన్నిటికీ మీ దగ్గర ఒక మందు ఉంటుంది! నొప్పికో బిళ్ల, ఆ బిళ్ల చేసిన మలబద్ధకానికి ఇంకో సిరప్.

కంది పచ్చడి: అసలు కారం తినొచ్చా లేదా, అది చెప్పండి ఎవరైనా.

వార్డు సిస్టర్: పెద్దాయన గారూ, ట్రమడాల్ మలబద్ధకం చేస్తుందన్న మాట నిజమే. అందుకే నొప్పి పెరిగాక దాన్ని మింగే బదులు, పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకసారి వేళకు వేసుకుంటే ట్రమడాల్ అవసరం తగ్గుతుంది. లివర్ జబ్బు, రోజూ మద్యం తాగే అలవాటు ఉంటే మాత్రం డాక్టర్‌ను అడిగాకే. నొప్పి ముదిరితే కండరం బిగుసుకుంటుంది, బిగుసుకున్న చోట మోషన్ మరింత కష్టం.

పల్నాటి పెద్దాయన: మీరు తేలిగ్గా చెప్పేస్తారు. మా అన్నయ్య మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి బిళ్లలు మింగాడు. కిడ్నీలు పోయాయి, డయాలసిస్ మీదే వెళ్లిపోయాడు. నా గొడవ జావ గురించి కాదమ్మా. ఇంట్లో ఇంకొకరు వేళకొక బిళ్ల మింగుతుంటే చూడలేను.

వార్డు సిస్టర్: ఆ మాట ముందే చెప్పి ఉంటే నేను అలా వాదించేదాన్ని కాదు. మీ భయం న్యాయమైనదే. డైక్లోఫెనాక్ లాంటివి ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలకు దెబ్బే. షుగర్, బీపీ, అల్సర్ ఉన్నవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా ఒక్కటి కూడా వేసుకోకూడదు. పారాసిటమాల్ ఆ జాతిది కాదు, కొద్ది రోజుల వాడకమే.

ఏలూరు అమ్మాయీ, ఇవాళే ఫోన్ చేసి లాక్టులోజ్ సిరప్ రాశారేమో కనుక్కోండి. అది పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మెత్తటి అన్నం, బీరకాయ, సొరకాయ కూర, బొప్పాయి మొదలుపెట్టండి. మోషన్ వస్తున్నట్టు అనిపిస్తే ఆపుకోవద్దు, ముక్కవద్దు. కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకోమనండి. అయ్యాక గోరువెచ్చని నీళ్ల టబ్‌లో పదిహేను నిమిషాలు కూర్చుంటే బిగువు సడలుతుంది. ఎనిమా మీరు సొంతంగా ఇవ్వకండి.

పల్నాటి పెద్దాయన: బీరకాయకు నాకు అభ్యంతరం లేదు. కారం మాత్రం పెట్టకమ్మా.

వార్డు సిస్టర్: కారం పుండును పాడు చేస్తుందని నేను అనను, మంట మాత్రం పెంచవచ్చు. ఇప్పటికి తగ్గించండి.

ఏలూరు కోడలు: సిరప్ రాశారు సిస్టర్, ఈయనే తాగలేదు. రక్తం కనిపిస్తే ఏం చేయాలి?

వార్డు సిస్టర్: మోషన్‌తో చారికలు, కొన్ని చుక్కలు మామూలే. గడ్డలుగా పడినా, ఆగకుండా కారినా, కళ్లు తిరిగినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వారం నుంచి రెండు వారాల మధ్య కూడా ఇలా జరగవచ్చు, అప్పుడు ఊరు ప్రయాణాలు పెట్టుకోకండి. జ్వరంతో పాటు నొప్పి పెరుగుతూ మూత్రం ఆగిపోతే రాత్రయినా సరే ఆగకండి.