పెర్గోలా దూలానికి యు బ్రాకెట్: బోల్టు రంధ్రాలు ఎక్కడ పెట్టించాలి?

నీడపందిరి:
నాలుగు ఇటుక స్తంభాలు లేచాయి. ఒక్కోటి 14 అంగుళాల చదరం, గట్టి ఇటుకే, పైన ఇంకా ఏమీ వేయలేదు. వాటి మీద రెండు దూలాలు, 6 అంగుళాల ఎత్తు, 3 అంగుళాల మందం. దూలాల మీద అడ్డంగా బద్దెలు. మొత్తం వైశాల్యం 4 మీటర్లు బై 3 మీటర్లు. దూలం కూర్చోవడానికి 6 ఎంఎం ప్లేటుతో యు ఆకారం బ్రాకెట్లు చేయిస్తున్నాను. పక్క ప్లేట్ల గుండా, దూలం గుండా 12 ఎంఎం బోల్టులు రెండు ఇటు నుంచి అటు వెళ్తాయి. ఆ రంధ్రాలు ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టి ఇమ్మని వెల్డర్ అడుగుతున్నాడు. అడుగు ప్లేటుకి మూలల్లో నాలుగు ఎక్స్‌పాన్షన్ బోల్టులు కొడితే చాలు కదా?

వెల్డింగ్‌బాబాయ్:
ఒకటి పైఅంచుకి దగ్గరగా, ఒకటి కింది అంచుకి దగ్గరగా పెట్టించండి. రెండింటి మధ్య ఎంత దూరం ఉంటే దూలం అంత మెలి తిరగకుండా ఉంటుంది. రంధ్రాలు గుండ్రంగా, బోల్టుకి సరిపడా టైట్‌గా ఉండాలి. ఇంకో మాట, యు అడుగున నీళ్లు పోవడానికి ఒక రంధ్రం వదలండి. లేకపోతే అది నీళ్ల తొట్టి అవుతుంది, దూలం అక్కడి నుంచే కుళ్లడం మొదలుపెడుతుంది.

మిద్దెతోట:
మాది కూడా ఇదే పని. ఇంటి గోడకి పొడవునా చెక్క బిగించి, దాని మీద బద్దెలు ఆనించాం. గోడకీ చెక్కకీ మధ్య వాషర్లు పెట్టి సందు వదిలితే వాన నీళ్లు జారిపోతాయి. అది మరిచిపోకండి.

నీడపందిరి:
మిద్దెతోట గారూ, మాది గోడకి ఆనుకోదండీ. నాలుగు వైపులా స్తంభాలే.

ఇటుకవరస:
అడుగున రంధ్రం గురించి బాబాయ్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. బోల్టుల మధ్య దూరం విషయంలో మాత్రం ఆగండి. ముందు ఒకటి చెప్పండి, మీ కర్ర ఆరిందా, పచ్చిదా?

నీడపందిరి:
కోత మిల్లు నుంచి ఈమధ్యే వచ్చింది. పూర్తిగా ఆరలేదనే అనుకుంటున్నాను. బరువుగా ఉంది.

ఇటుకవరస:
అయితే వినండి. కర్ర ఆరేటప్పుడు పొడవులో దాదాపు తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. పచ్చి కర్ర ఆరితే అడ్డంగా నూటికి 3, 4 పాళ్లు తగ్గడం మామూలే. అంటే 150 ఎంఎం ఎత్తు దూలం 6 ఎంఎం దాకా కుంచించుకుపోవచ్చు. ఇనుప ప్లేటు తగ్గదు. పైన ఒక బోల్టు, కింద ఒక బోల్టు గుండ్రటి రంధ్రాల్లో బిగించి, వాటి మధ్య 90 ఎంఎం ఉంచారనుకోండి. ఆ మధ్యనున్న కర్ర 3 ఎంఎం తగ్గాలి. ప్లేటు తగ్గనివ్వదు. చివరికి రెండు బోల్టుల మధ్య నారను పట్టుకుని దూలం పొడవునా చీలుతుంది. పగులు బోల్టు దగ్గర మొదలై దూలం పొడవునా సాగితే కారణం ఇదే. దూలం ఒంటి మీద అక్కడక్కడా కనిపించే ఎండ పగుళ్లు వేరు, వాటితో భయం లేదు.

అందుకని కింది బోల్టుకి గుండ్రటి రంధ్రం, పై బోల్టుకి ప్లేటులో నిలువుగా 20 ఎంఎం గాడి పెట్టించండి. బోల్టు మొదట గాడి పైచివర ఉండాలి. కర్ర తగ్గే కొద్దీ కిందికి జారుతుంది. కింది బోల్టుని దూలం అడుగు నుంచి కనీసం 50 ఎంఎం పైన పెట్టండి. గాలి దూలాన్ని పైకి లాగినప్పుడు ఆ బోల్టు కిందనున్న కర్రే పట్టి ఉంచాలి. అది పలచగా ఉంటే ఊడి వస్తుంది. మామూలు బరువంతా యు అడుగు మీదే ఆనాలి, బోల్టుల మీద కాదు.

చెక్కపొట్టు:
వడ్రంగం వైపు నుంచి నా మాట. దూలంలో రంధ్రం బోల్టు కన్నా 1 ఎంఎం ఎక్కువ ఉంటే చాలు. బ్రాకెట్‌లో దూలాన్ని నిలబెట్టి, ప్లేటులోంచే గురుతు పెట్టుకుని, తీసి రెండు వైపుల నుంచీ సగం సగం తొలవండి. ఒకే వైపు నుంచి తొలిస్తే బిట్టు పక్కకి పోతుంది, అవతలి ప్లేటు రంధ్రం కలవదు. అప్పుడు సుత్తితో బోల్టు కొట్టడం మొదలవుతుంది. రంధ్రం లోపలా, దూలం కోసిన చివర్లలోనూ నూనో, చెక్క సంరక్షకమో పట్టించండి. నీళ్లు ఎక్కువగా తాగేది ఆ చివరే. మీ కర్ర టేకు లాంటిదైతే మామూలు ఇనుప బోల్టు చుట్టూ నల్లటి మరకలు వస్తాయి. స్టెయిన్‌లెస్ పెట్టుకోండి, లేదా కనీసం వేడి జింక్ పూతది.

వెల్డింగ్‌బాబాయ్:
గాడి పెడితే బోల్టు ఊగదా? 16 ఎంఎం బోల్టు ఒక్కటే నడిమధ్యన పెట్టి వదిలేస్తే ఈ గొడవే ఉండదు కదా.

ఇటుకవరస:
చీలిక సంగతి తీరుతుంది బాబాయ్ గారూ, నిజమే. కానీ అప్పుడు దూలం మెలి తిరగకుండా ఆపే పనంతా పక్క ప్లేట్లదే. అవి పొడుగ్గా, దూలం ఎత్తులో మూడొంతులైనా ఉంటే నేనూ ఒప్పుకుంటాను.

నీడపందిరి గారూ, అసలు ఇబ్బంది మీ రెండో ప్రశ్నలో ఉంది. పైన బద్దెలేనా, షీటు కూడా వేస్తారా?

నీడపందిరి:
వానకి పాలికార్బొనేట్ షీటు వేద్దామని ఉంది.

ఇటుకవరస:
అయితే లెక్క మారిపోతుంది. గాలి వేగం సెకనుకి 40 మీటర్లు అనుకుందాం, పెద్ద తుఫాను గాలి. దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి 960 న్యూటన్లు, అంటే సుమారు 98 కిలోల బరువంత ఒత్తిడి. మీ 12 చదరపు మీటర్లని నాలుగు స్తంభాలకి పంచితే ఒక్కోదానికి 3. షీటుని పైకి లాగే బలం అటూ ఇటూగా ఈ ఒత్తిడంతే అనుకుంటే, ఒక్కో బ్రాకెట్ దగ్గర 290 కిలోలు. దూలం, బద్దెల బరువు తీసేసినా 250 మిగులుతుంది. బద్దెలు మాత్రమే ఉంటే గాలి సందుల్లోంచి పోతుంది, ఇందులో కొంతే వస్తుంది.

ఎక్స్‌పాన్షన్ బోల్టు ఇటుకలో మూడు నాలుగు అంగుళాలు దిగుతుంది. అంటే మీరు పట్టుకున్నది పై వరస ఇటుకనే. దాని కింద సున్నపు సందు లాగుడికి నిలవదు, దాన్ని నమ్మకూడదు. పైగా మూలల్లో కొడితే బోల్టు విచ్చుకున్నప్పుడే ఇటుక అంచు పగులుతుంది. 14 అంగుళాల స్తంభం మీటరు ఎత్తుకి 230 కిలోల దాకా తూగుతుంది. 250 కిలోలు ఆపాలంటే మీటరు పైచిలుకు స్తంభాన్ని పట్టుకోవాలి. నేనైతే మీటరున్నర దాకా వెళ్తాను.

నీడపందిరి:
స్తంభాలు కట్టేశారు కదండీ, ఇప్పుడు లోపల రాడ్డు పెట్టడం ఎలా?

ఇటుకవరస:
బ్రాకెట్ నుంచి స్తంభం రెండు పక్కలా కిందికి దిగే ఇనుప పట్టీలు పెట్టించండి, 50 వెడల్పు, 6 మందం, మీటరున్నర పొడవు. కింది చివర ఒక బోల్టు, మధ్యలో ఇంకోటి, స్తంభం గుండా అవతలి పట్టీకి వెళ్లాలి. లెక్కలోకి వచ్చేది అన్నిటికన్నా కింది బోల్టుకి పైనున్న ఇటుక బరువే. అందుకని ఆ బోల్టు ఎంత కిందుంటే అంత మంచిది. ఇటుక మధ్యలో తొలవండి, అంచు దగ్గర కాదు. అవతలి ముఖం దగ్గర పడగానే డ్రిల్లు సుత్తి మోడ్ ఆపేయండి, లేకపోతే ఇటుక పెచ్చు ఊడుతుంది. నట్టు కింద 100 చదరం, 8 మందం ప్లేటు వేసి మితంగా బిగించండి. కిర్రుమంటే చాలు, ఇటుక నలిగేదాకా వద్దు.

చెక్కపొట్టు:
రెసిన్ పోసి లోతుగా స్టడ్లు దింపినవాళ్లున్నారు కదా, అది సరిపోదా?

ఇటుకవరస:
గట్టి ఇటుకలో, రంధ్రం బ్రష్షు పెట్టి ఊది శుభ్రం చేస్తే పట్టు బాగానే వస్తుంది. కానీ మీటరున్నర లోతు స్తంభం పైనుంచి తిన్నగా తొలిచినవాళ్లని నేను చూడలేదు. ఎవరైనా చేసి ఉంటే రాయండి.

నీడపందిరి:
పట్టీలు బయటికి కనిపిస్తాయనే ఇంట్లో గొడవ. షీటు మానేసి బద్దెలే ఉంచితే పట్టీ పొడవు ఎంతకి తగ్గించొచ్చు?

ఇటుకవరస:
బద్దెల వెడల్పు, వాటి మధ్య సందు చెప్పండి, లెక్కేసి చెప్తాను. అప్పటిదాకా వెల్డర్‌కి గాడి కొలతలు మాత్రం ఇచ్చేయండి, షీటు వేసినా మానినా అవి మారవు.