సగటు 104 ఎఫ్‌పీఎస్ చూసి పీసీ కొన్నాను, ఆట మాత్రం కుదుపులే. కొట్టువాళ్లకు ఏం చూపించాలి?

కెమ్నిట్స్, కొత్త విద్యార్థి

అందరికీ నమస్కారం. ఈ ఏప్రిల్ సెమిస్టరుకు జర్మనీ వచ్చాను. ఊళ్లో పాత కంప్యూటర్లు అమ్మే ఒక కొట్టులో గేమింగ్ పీసీ కొన్నాను. రైజెన్ 5 5600, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, 144 హెర్ట్జ్ మానిటర్. కొనే ముందు కొట్టులోనే సైబర్‌పంక్ 2077లో ఉన్న బెంచ్‌మార్క్ నడిపి సగటు 104 ఎఫ్‌పీఎస్ చూపించారు. ఇంట్లో నేను నడిపినా దాదాపు అంతే వస్తోంది. కానీ ఆటలో కారు వేగంగా నడుపుతుంటే బొమ్మ ఉన్నట్టుండి నిలిచిపోయి ఒక్క గంతులో ముందుకు పోతుంది. తిరిగి వెళ్లి అడిగితే, "సగటు వంద దాటింది కదా, ఇందులో లోపం ఏముంది" అని పంపించేశారు. నాకు కనిపిస్తున్నది నిజమేనని ఎలా చూపించాలి?

హాంబర్గ్, పదిహేనేళ్లుగా ఇక్కడే

తమ్ముడూ, ఇది నూటికి నూరుపాళ్లూ ఇంటర్నెట్ గొడవే. మా మొదటి ఇంట్లో ఇదే జరిగింది. ఇంటి యజమాని అద్దెలోనే వైఫై కలిపి ఇస్తానన్నాడు. తీరా చూస్తే రూటరు ఆయన పడకగదిలో, మేము రెండంతస్తుల పైన. రాత్రి పది దాటితే ఆయన దాన్ని ఆపేసి పడుకునేవాడు. ఆరోగ్యానికి మంచిది కాదట. ఉత్తరం రాస్తే ఉత్తరంలోనే జవాబు: ఒప్పందంలో "వైఫై ఉంది" అని రాశాం గానీ ఎన్ని గంటలుంటుందో రాయలేదు కదా అని. అద్దెదారుల సంఘంలో సభ్యత్వం కట్టి, వాళ్ల చేత మరో ఉత్తరం రాయించాక, పదకొండు వరకు ఉంచడానికి ఒప్పుకున్నాడు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడకు కొట్టిన మేకు పేరు చెప్పి డిపాజిట్‌లో కోశాడు, అది వేరే కథ. కాబట్టి సొంత కనెక్షన్ పెట్టించుకో, కేబులు వాడు, అన్నీ సర్దుకుంటాయి.

డ్రెస్డెన్, గ్రాఫిక్స్ ప్రోగ్రామర్

అన్నయ్యా, మీ ఇంటి యజమాని కథ బాగుంది గానీ, ఆ అబ్బాయి ఆడేది ఒంటరిగా ఆడే ఆట. నెట్ తీగ పీకేసినా అది నడుస్తుంది. నెట్ నెమ్మదిస్తే ఆన్‌లైన్ ఆటలో ఎదుటివాళ్లు గంతులు వేస్తారు, మన కెమెరా మాత్రం నున్నగానే తిరుగుతుంది. ఇక్కడ బొమ్మ మొత్తం నిలిచిపోతోంది.

తమ్ముడూ, సగటు ఎఫ్‌పీఎస్ అంటే వచ్చిన ఫ్రేముల్ని గడిచిన సెకన్లతో భాగించడమే. ఏ ఫ్రేము ఎంతసేపు పట్టిందో అందులో మిగలదు. గంటకు ఆరు బస్సులని బోర్డు మీద రాసి, ఐదింటిని ఒకేసారి పంపి, ఆ తర్వాత యాభై నిమిషాలు ఒక్కటీ పంపకపోయినా బోర్డు అబద్ధం కాదు.

పది సెకన్లలో వెయ్యి ఫ్రేములు వచ్చాయనుకో. సగటు 100. అన్నీ తలా 10 మిల్లీసెకన్లలో వస్తే ఆట వెన్నలా ఉంటుంది. ఇప్పుడు 990 ఫ్రేములు తలా 9.5 మిల్లీసెకన్లలో వచ్చి, మిగిలిన పది ఫ్రేములకు తలా 60 పట్టిందనుకో. కూడి చూడు, ఇదీ పది సెకన్లే, సగటు ఇదీ 100. కానీ 144 హెర్ట్జ్ తెర దాదాపు ప్రతి 7 మిల్లీసెకన్లకూ కొత్త బొమ్మ అడుగుతుంది. 60 మిల్లీసెకన్లంటే ఎనిమిది తొమ్మిది సార్లు అదే పాత బొమ్మ. సెకనుకోసారి అలా జరిగితే కంటికి తెలియకుండా ఎలా ఉంటుంది?

అందుకే అన్నిటికంటే ఆలస్యమైన నూటికొక్క వంతు ఫ్రేముల్ని విడిగా తీసి, వాటి సగటు సమయాన్ని ఎఫ్‌పీఎస్‌గా మార్చి చూస్తారు. ఆ అంకెనే "వన్ పర్సెంట్ లో" అంటారు, ఇక్కడ లో అంటే ఇంగ్లీషులో తక్కువ అని. పై ఉదాహరణలో మొదటిదానికి వన్ పర్సెంట్ లో 100, రెండోదానికి దాదాపు 17. కొట్టువాళ్లకు నువ్వు చూపించాల్సింది ఆ అంకె.

మ్యూనిక్, ఐటీ ఉద్యోగి

ఇంత లెక్క అవసరం లేదండీ. ఆ బెంచ్‌మార్క్ చివర్లో సగటు పక్కనే కనిష్ఠం కూడా చూపిస్తుంది. అది చూపిస్తే చాలు. పైగా జర్మనీలో ఏది కొన్నా పద్నాలుగు రోజుల్లో కారణం చెప్పకుండా తిరిగి ఇచ్చేయవచ్చు. ఇది చట్టం.

డ్రెస్డెన్, గ్రాఫిక్స్ ప్రోగ్రామర్

కనిష్ఠం చూడాలన్న ఆలోచన సరైన దారిలోనే ఉంది. చిక్కల్లా అది ఒకే ఒక్క ఫ్రేము కావడమే. ఆట మొదలయ్యేటప్పుడు ఒక్కసారి తడబడితే చాలు, కనిష్ఠం పాతాళానికి పోతుంది. మళ్లీ నడిపితే వేరే అంకె వస్తుంది. ఆ ఒక్కటి చూపిస్తే కొట్టువాళ్లు "ఏదో ఒక్కసారి పడింది" అంటారు, ఆ మాటలో తప్పూ లేదు. వన్ పర్సెంట్ లో వెనక పదుల ఫ్రేములు ఉంటాయి కాబట్టి అంత తేలిగ్గా ఊగదు.

ఇంకో సంగతి, కొట్టులో నడిపిన బెంచ్‌మార్కులో నువ్వు చెప్పిన కారు పరుగు లేదు. కుదుపు ఎక్కడ వస్తుందో అక్కడే కొలవాలి. ఫ్రేము సమయాల్ని రికార్డు చేసే క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ అనే సాధనం ఉచితం, పెట్టుకో. ఒకే దారిలో ఒకే కారుతో ఒక నిమిషం నడుపు, మూడుసార్లు రికార్డు చెయ్యి. మొదటిసారి వచ్చిన దాన్ని పక్కన పెట్టు. బొమ్మ గీసేందుకు అప్పుడే కొత్తగా తయారయ్యే షేడర్లనే చిన్న ప్రోగ్రాముల వల్ల, డిస్కు నుంచి మొదటిసారి చదవడం వల్ల వచ్చే తడబాట్లు అందులో కలిసిపోతాయి.

బెర్లిన్, పాత కాపు

మ్యూనిక్ వారికి: ఆ పద్నాలుగు రోజులు ఆన్‌లైన్‌లోనో ఫోనులోనో దూరం నుంచి కొన్నవాటికి. కొట్టుకు వెళ్లి చేత్తో పట్టుకుని కొన్నదానికి ఆ హక్కు లేదు, కొట్టువాడు తనంతట తాను ఇస్తే తప్ప. ఈ అబ్బాయికి పనికొచ్చేది గెవెర్‌లైస్టుంగ్, అంటే అమ్మిన వస్తువులో లోపం ఉంటే కొట్టువాడే బాధ్యత తీసుకోవాలనే చట్టం. పాత వస్తువైతే దాని రెండేళ్ల గడువును ఒక ఏడాదికి తగ్గించుకునే వీలు కొట్టువాడికి ఉంది, అదీ కొనే ముందు స్పష్టంగా చెప్పి ఒప్పించుకుంటేనే. కానీ ముందు లోపం ఉందని తేలాలి కదా.

డ్రెస్డెన్ వారికి: వన్ పర్సెంట్ లో అంటే ఆలస్యమైన నూటికొక్క వంతు ఫ్రేముల సగటు కాదండీ. ఫ్రేముల్ని వరుసలో పేర్చితే 99వ శాతం దగ్గర నిలబడే ఫ్రేము సమయం. దాన్నే ఎఫ్‌పీఎస్‌గా మారుస్తారు. టెక్ రిపోర్ట్ వెబ్‌సైటులో స్కాట్ వాసన్ 2011లో ఫ్రేము సమయాల మీద రాసినప్పటి నుంచి నేను ఇలాగే చూస్తున్నాను.

డ్రెస్డెన్, గ్రాఫిక్స్ ప్రోగ్రామర్

రెండూ వాడుకలో ఉన్నాయి. క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్‌లో రెండూ వేర్వేరు పేర్లతోనే ఉన్నాయి. కానీ మీ పద్ధతికి ఒక గుడ్డి చోటు ఉంది. నా ఉదాహరణలో 60 మిల్లీసెకన్ల ఫ్రేములు పది కాకుండా ఐదే ఉన్నాయనుకోండి. 99వ శాతం దగ్గర నిలబడేది మామూలు 9.5 ఫ్రేమే. మీ అంకె 105 అంటుంది, అంటే కుదుపే లేదని. ఆలస్యమైన పదింటి సగటు తీస్తే దాదాపు 29 వస్తుంది. ఐదు కుదుపులూ అందులో కనిపిస్తాయి.

బెర్లిన్, పాత కాపు

ఒప్పుకుంటాను. మీ పద్ధతిలోనూ ఒక్క పెద్ద తడబాటు అంకెను ముంచేస్తుంది. అందుకే ఏ పద్ధతో చెప్పకుండా ఎవరైనా వన్ పర్సెంట్ లో అంటే నేను నమ్మను. వేర్వేరు సాధనాల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం అంతకంటే దండగ.

కెమ్నిట్స్, కొత్త విద్యార్థి

అక్కా, మీరు చెప్పినట్టే చేశాను. మూడోసారి నడిపినప్పుడు నిమిషానికి 6060 ఫ్రేములు, సగటు 101. ఆలస్యమైన ఒక శాతం సగటు 22, 99వ శాతం దగ్గర 41. నేనే సరిచూద్దామని ఫ్రేము సమయాలుండే `MsBetweenPresents` నిలువు వరుసను ఎక్సెల్‌లో తెరిస్తే కొన్ని అంకెలు తేదీలుగా మారిపోయాయి, లెక్క రావడం లేదు.

బెర్లిన్, పాత కాపు

జర్మన్ ఎక్సెల్ దశాంశానికి కామా వాడుతుంది. ఫైలులో చుక్క ఉంటుంది. 9.5 కనిపిస్తే దానికి మే తొమ్మిది. ఫైలును నేరుగా తెరవకుండా డేటా మెనూ నుంచి దిగుమతి చేసి, దశాంశ గుర్తు చుక్క అని చెప్పు. ఫంక్షన్ పేరూ ఇక్కడ వేరు:

```
=1000/QUANTIL(A2:A6061;0,99)
```

డ్రెస్డెన్, గ్రాఫిక్స్ ప్రోగ్రామర్

22 అంటే ఆ అరవై ఫ్రేములూ సగటున 45 మిల్లీసెకన్లు పట్టాయి. నీకు కనిపించింది నిజమే. ఇప్పుడు ఫ్రేము సమయాల గీత చూడు. ముళ్లన్నీ ఒకే చోట గుంపుగా ఉన్నాయా, దారి పొడవునా చెదిరి ఉన్నాయా? వన్ పర్సెంట్ లోకు ఆ తేడా తెలియదు, రెండింటికీ ఒకే అంకె ఇస్తుంది. అలాగే టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి, ఎన్ని స్లాట్లు వాడుతోందో చెప్పు.

కెమ్నిట్స్, కొత్త విద్యార్థి

ముళ్లు దారి పొడవునా ఉన్నాయి, వీధి మలుపుల దగ్గర ఎక్కువ. స్లాట్లు నాలుగింట్లో ఒకటే. పక్క అద్దం విప్పి చూశాను, 16 జీబీ ముక్క ఒక్కటే ఉంది.

డ్రెస్డెన్, గ్రాఫిక్స్ ప్రోగ్రామర్

ఒక్క ముక్క ఉంటే మెమరీ ఒకే ఛానల్‌లో నడుస్తుంది. ప్రాసెసర్‌కు అందే వేగం సగమే. నింపాదిగా నడిచే చోట అది బయటపడదు. ఊరు కొత్తగా లోడవుతూ ప్రాసెసర్‌కు పని పెరిగిన క్షణాల్లోనే బయటపడుతుంది. అదే రకం మరో ముక్క తెచ్చి, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో ఒకటి, నాలుగో స్లాటులో ఒకటి పెట్టు. బయోస్‌లో ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ వేసి ఉందో లేదో కూడా చూడు.

కెమ్నిట్స్, కొత్త విద్యార్థి

కొట్టువాళ్లకు గీత చూపించాను. లోపమని ఒప్పుకోలేదు గానీ రెండో ముక్కను సగం ధరకు ఇచ్చారు. అదే దారి, అదే కారు: సగటు 109, ఆలస్యమైన ఒక శాతం సగటు 51, 99వ శాతం దగ్గర 66. సగటు ఎనిమిదే పెరిగింది, ఆట మాత్రం వేరే పీసీలా ఉంది. ఒకటి రెండు చోట్ల ఇంకా చిన్నగా పట్టేస్తోంది.

బెర్లిన్, పాత కాపు

ఇది రెండో ఛానల్ మహిమ అని ఎలా చెప్పగలరు? ర్యామ్ 16 నుంచి 32 కూడా అయింది. బ్రౌజర్ తెరిచి ఆడుతుంటే 16 నిండిపోయి డిస్కుకు పారుతూ ఉండవచ్చు. రెండు 8 జీబీ ముక్కలు పెట్టి కొలిస్తే గానీ తేలదు.

డ్రెస్డెన్, గ్రాఫిక్స్ ప్రోగ్రామర్

సగటు కూడా పెరిగింది కాబట్టి నేను ఛానల్ వైపే ఉంటాను. మీ అనుమానాన్ని మాత్రం కొట్టిపారేయలేను. మిగిలిన పట్టేతలకు గ్రాఫిక్స్ కార్డు మెమరీని చూడాలి. టెక్స్చర్లు ఒక మెట్టు తగ్గించి మళ్లీ నడుపు, తమ్ముడూ.

మ్యూనిక్, ఐటీ ఉద్యోగి

నా దగ్గర పాత ల్యాప్‌టాపు నుంచి తీసిన 8 జీబీ ముక్కలు రెండున్నాయి. పంపించమంటే పంపిస్తాను.

బెర్లిన్, పాత కాపు

ల్యాప్‌టాపు ముక్కలు ఆ స్లాటులో పట్టవండీ.