‘కొండెక్కాక కొన్నాను, దీపం కొండెక్కింది’: ఈ మీమ్‌లోని మాటల గురించి

ప్రశ్న, బ్రాడీపేట నుంచి ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు:
మా అబ్బాయి పంపిన ఒక మీమ్‌లో ‘షేరు కొండెక్కాక కొన్నాను, నా దీపం కొండెక్కింది, అయినా అమ్మను, అమ్మితేనే కదా నష్టం’ అని ఉంది. ధర కొండెక్కడమంటే అందనంత పెరగడమని, దీపం ఆరిందనడం అశుభమని కొండెక్కిందంటామని నాకు తెలుసు కనుక, ఒకే క్రియ ఎక్కడాన్నీ ఆరడాన్నీ చెప్పిన తీరు నాకెంతో నచ్చింది. అయితే షేర్ల సంగతి బొత్తిగా తెలియని నాకు ఆ చివరి మాటలో నవ్వవలసింది ఏమిటో బోధపడలేదు. చేతిలో డబ్బు తగ్గినప్పుడు అది అమ్మకపోయినా నష్టమే కదా?

గవర్నరుపేట నుంచి, షేర్ బ్రోకర్ కార్యాలయంలో చాలాకాలం పనిచేసినవారు:
మీ సందేహంలోనే జవాబు ఉందండీ. ఒకరు 400 రూపాయల ధరకు 100 షేర్లు కొన్నారనుకుందాం, అంటే 40,000 రూపాయలు పెట్టారు. ఆ ధర 240కి పడితే ఫోన్‌లోని యాప్ తెరవగానే ఎర్ర అక్షరాల్లో 16,000 తగ్గినట్టు కనిపిస్తుంది. ఆయన యాప్ మూసేసి, అమ్మలేదు కనుక నష్టం రాలేదని తనకు తాను చెప్పుకుంటాడు. మీమ్ చూపించేది ఆ సర్దుబాటునే.

కొత్తవారు గమనించనిది ఇంకొకటి ఉంది. పడింది 40 శాతమే అయినా, 240 నుంచి మళ్ళీ 400కి చేరాలంటే ధర దాదాపు 67 శాతం పెరగాలి, ఎందుకంటే ఇప్పుడు లెక్క మొదలయ్యేది 400 నుంచి కాదు, 240 నుంచి. దిగిన మెట్లే ఎక్కాలి కదా అనుకునేవారు ఇక్కడే పొరబడతారు. ‘నా ధర వస్తే అమ్మేస్తాను’ అని ఏళ్ల తరబడి కూర్చున్నవారిని నేను చూశాను. ఆ 400 అనేది ఆయన కొన్న ధర మాత్రమే, దాన్ని తిరిగి ఇవ్వవలసిన బాకీ ఆ కంపెనీకి లేదు.

సత్యనారాయణపురం నుంచి, పన్ను రిటర్నులు దాఖలు చేసే ఒక యువకుడు:
మన్నించాలి, ‘అమ్మితేనే నష్టం’ అన్నది నవ్వులాట కాదు, చట్టం చెప్పేదే. ఆదాయపు పన్ను లెక్కలో షేరు అమ్మినప్పుడే లాభమైనా నష్టమైనా పుడుతుంది. రిటర్ను గడువులోగా వేస్తే, ఆ ఏడాది సర్దుబాటు కాని మూలధన నష్టాన్ని తరువాతి 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లవచ్చు. కనుక మీమ్ రాసినవారు చెప్పింది నిజమే.

గవర్నరుపేట సభ్యులు:
పన్ను కాగితం వరకు మీ మాట నిజం బాబూ. కానీ రేపు ఇంట్లో పెళ్లికి డబ్బు కావలసివస్తే ఆయన చేతికి వచ్చేది 24,000 రూపాయలే, 40,000 కాదు. పైగా మీరు చెప్పిన సదుపాయం అమ్మినవారికే దక్కుతుంది, పట్టుకుని కూర్చున్నవారికి కాదు.

గుంటూరు మిర్చి యార్డు నుంచి ఒక గుమస్తా:
మీరు కోల్డ్ స్టోరేజీ గురించి మాట్లాడుతున్నారనుకుని చదవడం మొదలుపెట్టాను. మా బావగారు ధర బాగున్నప్పుడు అమ్మక, ఇంకా పెరుగుతుందని టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్‌లో పెట్టారు. కొత్త పంట యార్డుకు వచ్చేసరికి పాత కాయ రంగు తగ్గింది, ధరా తగ్గింది, అద్దె మాత్రం పెరుగుతూ పోయింది, సరుకు మీద తెచ్చిన అప్పుకు వడ్డీ దానికి అదనం. మా దగ్గర అమ్మకపోయినా నష్టమే. షేర్లకు అద్దె ఉండదా?

గవర్నరుపేట సభ్యులు:
అద్దె అంటూ ఉండదండీ, షేర్లు ఉండే డీమ్యాట్ ఖాతాకు ఏడాదికి కొద్దిపాటి రుసుము మాత్రం ఉంటుంది. అందుకే ఆ నొప్పి తెలియదు. టిక్కీకి నెలనెలా అద్దె కట్టేవాడు ఏదో ఒక రోజు తేల్చుకుంటాడు, షేరు పట్టుకున్నవాడికి ఆ ఒత్తిడి లేదు. కానీ ఆ 24,000 బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ రాకుండా పోతుంది. అప్పు తెచ్చి కొన్నవారి సంగతి మాత్రం అచ్చంగా మీ బావగారి సంగతే.

అయితే పడిన షేరునల్లా అమ్మాలని నేను అనడం లేదు. కంపెనీ వ్యాపారం చెక్కుచెదరక, మార్కెట్ మొత్తం పడినప్పుడు దానితోపాటు పడిన షేరు వేరు, అప్పుల పాలై అమ్మకాలు తగ్గిన కంపెనీ షేరు వేరు. ‘ఇవాళ నా దగ్గర ఈ షేరు లేకపోతే, ఈ 24,000తో దీన్నే కొంటానా?’ అని అడిగి చూడమంటాను. కొనను అని జవాబు వస్తే, పట్టుకోవడానికి కారణం 400 మీద మమకారమే.

బ్రాడీపేట ఉపాధ్యాయురాలు:
ఇప్పుడు అర్థమైంది, ధన్యవాదాలు. ఇలా పట్టుకుని కూర్చున్నవారిని ఇంగ్లీషులో ‘బ్యాగ్ హోల్డర్’ అంటారని మా అబ్బాయి చెప్పాడు. తెలుగులో ‘మూటగాడు’ అనవచ్చునా?

మిర్చి యార్డు గుమస్తా:
మూట అంటే మోసేవాడికి కూలి దొరుకుతుందమ్మా. ఇక్కడ దొరకడం లేదు కదా. మేమైతే ‘సరుకు మీద పడ్డాడు’ అంటాం.

సత్యనారాయణపురం యువకుడు:
‘సరుకు మీద పడ్డాడు’ అంటే మా ఇంట్లో ఎగబడి కొన్నాడని అర్థం చేసుకుంటారు. నాకు ‘మూటగాడు’ అన్నదే నచ్చింది.