అప్‌డేట్: రొయ్యల ప్లాంటు కొనుగోలులో ఆ 3 కోట్ల లాభం

నా పాత ప్రశ్న: "భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటున్న కంపెనీ షేర్లన్నీ 18 కోట్లకు కొన్నాం. నికర ఆస్తుల ఫెయిర్ వాల్యూ 21 కోట్లు. తేడా 3 కోట్లు లాభంగా రాసేయొచ్చా?"

రాయలేదండీ, మంచిదే అయింది. కంపెనీల కొనుగోలు లెక్కలకు వర్తించే భారత అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 103 ప్రకారం ముందు ఆస్తులు, అప్పులు అన్నీ దొరికాయా, విలువలు సరేనా అని మళ్లీ చూడాలి. చూస్తే రెండు బయటపడ్డాయి.

వాల్యుయర్ షెడ్డు, ఫ్రీజర్ల విలువ 4 కోట్లు పెంచారు. కొన్నది షేర్లు కాబట్టి పన్ను లెక్కలో పాత విలువలే ఉంటాయి. ఆ తేడాపై ముందుముందు పడే పన్ను, అంటే డిఫర్డ్ ట్యాక్స్, 25 శాతం చొప్పున కోటి. దాన్ని అప్పుగా చూపడం మేం మరిచాం. రెండోది, బీరువా అడుగున చెమ్మపట్టిన ఫైలు: మురుగునీరు డ్రెయిన్‌లోకి వదిలినందుకు జరిమానా కేసు. కట్టాల్సి రావడం అనుమానమే అయినా, గతంలో జరిగినదాని బాధ్యతే, విలువ కట్టగలం కాబట్టి 60 లక్షలు అప్పుగా పెట్టాం.

మిగిలింది 1.4 కోట్లు. పాత యజమానులు బ్యాంకు ఒత్తిడితో చవకగా అమ్మినట్టు ఉత్తరాలున్నాయి కనుక, లాభనష్టాల్లో కలపకుండా విడిగా చూపే ఇతర సమగ్ర ఆదాయం, అంటే ఓసీఐ ద్వారా క్యాపిటల్ రిజర్వుకు వెళ్లింది. ఆ రుజువు లేకుంటే నేరుగా రిజర్వుకే. లాభనష్టాల ఖాతాకు మాత్రం రాదు; అలా లాభంగా రాయడం అంతర్జాతీయ ప్రమాణాలైన ఐఎఫ్ఆర్ఎస్ పద్ధతి. మా ఎండీ గారి ముఖం చూడాల్సింది!